ఆరువేల పద్దు

ఆయన్ని ఊళ్లో అందరూ కళ్లజోళ్ల బాబాయి అనేవారు. బజారు మధ్యలో కళ్లజోళ్ల షాపు. లోపల అద్దాలు, అద్దాల మధ్య ఇంకా అద్దాలు. ఎటు చూసినా మన మొహమే మనకి కనిపించే ఆ గదిలో ఆయన ముక్కు మీదకి జారిన జోడుతో ఫ్రేములు సరిచేస్తూ కూర్చునేవాడు. పొద్దున షాపు, సాయంత్రం వాలీబాల్ క్లబ్బు. పెళ్లయిన కొత్తలో ఆయన భార్య, “నన్ను చేసుకున్నారా, ఆ బంతిని చేసుకున్నారా?” అని అడిగిందట. “బంతికి ఇంటిపేరు మార్చలేదు కదే,” అన్నాడట ఆయన. మాటకి మాట తగిలించడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆ నోరే ఒకరోజు ఆయన కొంప ముంచింది.

వయసులో ఉన్నప్పుడు క్లబ్బు జట్టుకి లిఫ్టర్. స్మాష్ కొట్టేవాడికి చప్పట్లు, బంతిని సరైన ఎత్తున లేపి అందించినవాడికి వేళ్ల నొప్పులు. ఆ పని చేసిన మనిషి కాబట్టేనేమో, మోకాళ్లు మొరాయించాక క్లబ్బు కోశాధికారి పని నెత్తిన వేసుకున్నాడు. అందులోనూ అంతే. జట్టు గెలిస్తే కెప్టెన్ పేరు, బస్సు రాకపోతే బాబాయి పేరు.

అసలు కథకి ముందు ఏడాది ఒక దెబ్బ తగిలింది. ఒక సైకిల్ షాపాయన స్పాన్సర్‌గా ఉంటానని నోటిమాట ఇచ్చాడు. బాబాయి ఆ మాటని ఆదాయం కింద రాసేసి, దాని మీద ఖర్చులు అల్లుకున్నాడు. గ్రౌండు గోడ మీద సైకిల్ షాపు బ్యానరు కూడా కట్టేశారు. బ్యానరు ఎండకి వెలిసిపోయింది గానీ డబ్బు రాలేదు. సీజన్ సగంలో ప్రయాణాల డబ్బు అయిపోయి, మగవాళ్ల జట్టు ఒక మ్యాచ్‌కి వెళ్లలేక ఓడినట్టు ఒప్పుకోవాల్సొచ్చింది. ఆ ఏడాది సర్వసభ్య సమావేశంలో, నిన్నమొన్న చేరిన కుర్రాడు కూడా లేచి, “గాలిలో మేడలు కట్టడానికి మీరెందుకండీ కోశాధికారి?” అన్నాడు. బాబాయి తలవంచుకుని కూర్చున్నాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. ఇంకెప్పుడూ సంతకం లేని రూపాయిని లెక్కలో రాయనని ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాడు.

ఒట్టు మంచిదే. బడ్జెట్ రాసేవాడికి ఉండాల్సిన ఒట్టే. కానీ పాము కరిచినవాడు తాడుని చూసినా ఉలిక్కిపడతాడు.

ఆ మరుసటి సీజన్‌కి క్లబ్బులో రెండు జట్లు తయారుగా ఉన్నాయి. ఒకటి పాత మగవాళ్ల జట్టు. రెండోది పదిహేడేళ్ల లోపు ఆడపిల్లల జట్టు, కొత్తది. రెండేళ్లుగా డ్రిల్లు మాస్టారు పొద్దున్నే పిల్లల్ని పోగుచేసి నేర్పుతున్నాడు. డ్రిల్లు మాస్టారు అంటే ఒకప్పుడు బాబాయికే బంతి పట్టడం నేర్పిన మనిషి. బడి నుంచి రిటైరయ్యాక క్లబ్బుకి కోచ్‌గా వచ్చాడు. ఆ పిల్లల్లో ఒకమ్మాయి లిఫ్టర్. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే నర్సమ్మ కూతురు. సన్నగా, గడకర్రలా ఉండేది. చేతులు మాత్రం మెత్తనివి. బంతి దాని వేళ్లకి తగిలినట్టు చప్పుడే వచ్చేది కాదు.

“ఏరా, చూశావా?” అనేవాడు మాస్టారు బాబాయిని పక్కన నిలబెట్టుకుని. “నీకు పదేళ్లు చెప్పినా రానిది ఆ పిల్లకి పుట్టుకతో వచ్చింది.”

“నా చేతులు బాగోలేకపోతే మీరే కదా మాస్టారూ గురువు,” అనేవాడు బాబాయి. కానీ ఆ పిల్ల ఆడుతుంటే షాపు తెరిచే వేళ దాటిపోయినా అక్కడే నిలబడిపోయేవాడు.

పిల్లకి వయసు ప్రకారం అదే ఆఖరి సీజన్. ఆ ఏడాది పోటీల్లో కనబడితే పైజట్ల ఎంపికకి పిలుపు వచ్చే అవకాశం ఉంది. ఈ సంగతి మాస్టారు అందరికీ చెప్పాడు. బాబాయికీ తెలుసు.

బడ్జెట్‌కి కూర్చునే ముందు క్లబ్బు అధ్యక్షుడు ఒక కబురు తెచ్చాడు. ఆయన పళ్ల డాక్టరు. “బాబాయ్, టైల్స్ షోరూమ్ వాళ్లు ఆడపిల్లల జట్టుకి లక్ష ఇస్తామన్నారు. జెర్సీ మీద వాళ్ల పేరు వెయ్యాలట,” అన్నాడు. బాబాయి మర్నాడే షోరూముకి వెళ్లాడు. నున్నటి నేల మీద జారకుండా జాగ్రత్తగా నడిచి, యజమాని ముందు ఒప్పందం కాగితం పెట్టాడు.

“ఇస్తాంలే బాబాయ్,” అన్నాడాయన. “మా అన్నయ్య వ్యాపారం పని మీద ఊరెళ్లాడు. ఇద్దరి సంతకాలూ ఉంటే గానీ చెక్కు చెల్లదు. ఆయన రాగానే పంపిస్తా.”

“ఎప్పుడొస్తారు?”

“వచ్చేస్తాడు. నామీద నమ్మకం లేదా?”

సైకిల్ షాపాయన కూడా సరిగ్గా ఆ మాటే అన్నాడు. బాబాయి నవ్వి, కాగితం అక్కడే వదిలేసి వచ్చాడు. దారంతా ఆయన చెవుల్లో పోయినేటి సమావేశమే మోగింది.

అప్పుడు బడ్జెట్ ఇలా రాశాడు. ఆదాయం వైపు సభ్యుల చందా లక్షా ఇరవై వేలు. మందుల హోల్‌సేల్ షాపు వాళ్లు సంతకం పెట్టి ఇచ్చిన స్పాన్సర్‌షిప్ అరవై వేలు. మొత్తం లక్షా ఎనభై. ఖర్చు వైపు మగవాళ్ల జట్టు కోచింగ్‌కి డెబ్బై రెండు వేలు, బయట ఊళ్ల మ్యాచ్‌లకి ప్రయాణం నలభై ఎనిమిది, జెర్సీలు, బంతులు, వల కలిపి ముప్పై, వాలీబాల్ సంఘానికి రిజిస్ట్రేషన్ ఫీజు పన్నెండు, గ్రౌండు అద్దె, లైట్లు కలిపి పద్దెనిమిది. అదీ లక్షా ఎనభైయే. తక్కెడ ఇటూ అటూ ఊగకుండా నిలిచింది.

ఆడపిల్లల జట్టుని వేరే కాగితం మీద రాశాడు. కోచింగ్ నలభై, ప్రయాణం ముప్పై ఐదు, బట్టలూ బూట్లూ పదిహేడు, రిజిస్ట్రేషన్ ఆరు. మొత్తం తొంభై ఎనిమిది వేలు. దాని ఎదురుగా ఆదాయం కింద ‘టైల్స్ షోరూమ్, లక్ష’ అని రాసి, పక్కన ‘ఖాయం కాలేదు’ అని పెట్టాడు. ఇవి కాక బ్యాంకులో, పోయిన సీజన్ ముగిశాక పాత చందా బకాయిలు వసూలై చేరిన మిగులు ముప్పై ఐదు వేలు ఉంది. అది అత్యవసర నిధి, దాన్ని కదపకూడదు అనుకున్నాడు. అలా కదపకూడదని నియమావళిలో ఎక్కడా లేదు. అది ఆయన పెట్టుకున్న గీత.

సమావేశం ఆదివారం పొద్దున, గ్రౌండు పక్కనున్న రేకుల హాల్లో జరిగింది. ప్లాస్టిక్ కుర్చీలు చాలక కొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు. బాబాయి కాగితాలు పంచి, ఒక్కో పద్దూ చదివి వినిపించాడు. ఎవరికి ఏ అనుమానం వచ్చినా జవాబు సిద్ధంగా ఉంది. మందుల షాపు ఒప్పందం కాగితం పైకెత్తి చూపించాడు. పోయినేడు గాలి మేడలన్న కుర్రాడు కూడా, “ఇది లెక్కంటే!” అన్నాడు. బాబాయి ఒళ్లు పులకరించింది.

“ఆడపిల్లల జట్టు సంగతి,” అన్నాడు చివర్లో, “స్పాన్సర్ డబ్బు చేతికొచ్చిన తర్వాత చూద్దాం. అప్పటిదాకా ఆ కాగితంలో ఏ ఖర్చూ మొదలుపెట్టం.”

వెనక వరుసలో నర్సమ్మ లేచింది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. తనూ చందా కట్టిన సభ్యురాలే. పిల్లలతో ప్రయాణాలకి ఒక ఆడమనిషి తోడు ఉండాలని సంఘం నియమం. ఆ పనికి తన సెలవులు వాడుకుంటానని ముందే మాటిచ్చింది కూడా.

“అన్నయ్యగారూ, ఒక్క మాట,” అంది. “రిజిస్ట్రేషన్‌కి ఆఖరి తేదీ ఈ నెలాఖరే కదండీ. కోచింగూ బట్టలూ తర్వాత చూసుకోవచ్చు. ఆ ఆరువేలు మాత్రం మిగులు డబ్బులోంచి కట్టేస్తే పిల్లల పేర్లు లోపల ఉంటాయి. షోరూమ్ వాళ్లు ఇస్తే ఆడతారు, ఇవ్వకపోతే మానుకుంటారు. ఆరువేలతో పోతుంది.”

డ్రిల్లు మాస్టారు తల ఊపాడు. పళ్ల డాక్టరు బాబాయి వైపు చూశాడు.

బాబాయికి సంఘం నిబంధనలు కంఠతా వచ్చు. రిజిస్టరయిన జట్టు మ్యాచ్‌ల డ్రా, అంటే ఎవరితో ఎవరు ఆడాలన్న జాబితా, వేసిన తర్వాత తప్పుకుంటే జరిమానా ఉంటుంది. డ్రా వేయకముందు తప్పుకుంటే కట్టిన ఫీజు పోతుంది, అంతే. నర్సమ్మ చెప్పింది అక్షరాలా సరైన దారి. ఆ సంగతి ఆయనకి ఆ క్షణంలోనే తెలుసు. కానీ ఒకసారి ముడి విప్పితే మూటంతా జారిపోతుందేమోనన్న భయం పట్టుకుంది. ఇవాళ ఆరువేలంటారు, రేపు బట్టలంటారు, ఎల్లుండి మళ్లీ తననే నిలబెట్టి అడుగుతారు.

“పేర్లిచ్చి తప్పుకుంటే జరిమానా పడుతుందమ్మా,” అన్నాడు. సగమే చెప్పాడు. అంతటితో ఆగినా బాగుండేది. హాలంతా తన వైపే చూస్తోంది, ఇందాకటి మెప్పు ఇంకా ఒంట్లో వెచ్చగా ఉంది. “అయినా ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, డబ్బే రాలేదు, అప్పుడే పేర్లెందుకమ్మా?”

హాలు గొల్లుమంది. నవ్వకూడదనుకున్నవాళ్లు కూడా నవ్వారు. నర్సమ్మ కూడా నవ్వబోయినట్టు పెదవులు కదిపి, కూర్చుంది. బడ్జెట్ చేతులెత్తి ఆమోదించారు. డ్రిల్లు మాస్టారు చెయ్యి ఎత్తలేదు.

బయటికి వస్తుంటే మాస్టారు దగ్గరికొచ్చి, “లెక్క బాగుందిరా,” అన్నాడు. తన దారిన వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాబాయి ఏదో ఒకటి తిప్పికొట్టేవాడు.

నెలాఖరు వచ్చింది, వెళ్లింది. సంఘం వాళ్లు ఆలస్య రుసుముతో ఇంకో వారం ఇచ్చారు. అదీ వెళ్లింది. ఆ వారంలో బాబాయి రెండుసార్లు షోరూము ముందు నుంచి నడిచి వెళ్లాడు, లోపలికి మాత్రం వెళ్లలేదు. అడిగితే చులకనవుతామని ఒకసారి, అన్నయ్య వచ్చి ఉంటే వాళ్లే కబురు చేస్తారని ఇంకోసారి తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. తర్వాత డ్రా వేశారు. ఆ తర్వాతే, ఒక మధ్యాహ్నం, షోరూమ్ గుమాస్తా బాబాయి షాపులోకి వచ్చి కవరు చేతిలో పెట్టాడు. లోపల చెక్కు, ఇద్దరి సంతకాలతో. ఒప్పందం కాగితం కూడా.

“మా పెద్దాయన అక్కడ జ్వరమొచ్చి ఆగిపోయారండీ,” అన్నాడు గుమాస్తా. “ఆలస్యమైందని ఏమీ అనుకోవద్దన్నారు.”

బాబాయి షాపు భార్యకి అప్పగించి, ఆ కవరు పట్టుకుని సంఘం ఆఫీసుకి పరుగెత్తాడు. అక్కడి కార్యదర్శి పాత పరిచయమే. కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, “లేదు బాబాయ్,” అన్నాడు. “డ్రాలో జట్లకి తేదీలు, గ్రౌండులు, రిఫరీలు అన్నీ కుదిరిపోయాయి. ఇప్పుడొక జట్టుని దూరిస్తే మొత్తం తిరగరాయాలి. మిగతా క్లబ్బులు ఊరుకుంటాయా? పేర్లిచ్చి ఉంచాల్సింది. డ్రాకి ముందు వద్దనుకుంటే పోయేది ఫీజే కదా. నీకు తెలియంది కాదు.”

“తెలుసు,” అన్నాడు బాబాయి.

మర్నాడు చెక్కు తీసుకుని షోరూముకి వెళ్లి విషయం చెప్పాడు. యజమాని మొహం చిన్నబుచ్చుకున్నాడు. “అమ్మాయిల జట్టు అనే కదా మా అన్నయ్య ఒప్పుకున్నాడు. ఆయనకి ముగ్గురూ కూతుళ్లే. జట్టే ఆడనప్పుడు పేరెక్కడ వేస్తారు? చెక్కు ఉంచండి, కాదు... ఇచ్చేయండి. వచ్చే సీజన్‌కి చూద్దాం.” ఆ డబ్బుని మగవాళ్ల జట్టుకి మళ్లించడం బాబాయికీ తోచలేదు. అది దేనికోసం ఇచ్చారో ఒప్పందంలో రాసి ఉంది. తిరిగి ఇచ్చేశాడు.

పొద్దుటి కోచింగ్ ఆగిపోయింది. డ్రిల్లు మాస్టారు కొన్నాళ్లు ఊరికే వచ్చి నేర్పాడు గానీ, ఆడే పోటీ లేనప్పుడు పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. పరీక్షలని ఒకరు, ట్యూషనని ఒకరు. చివరికి నర్సమ్మ కూతురు ఒక్కతే గోడకేసి బంతి కొట్టుకుంటూ మిగిలింది. కొన్నాళ్లకి అదీ రాలేదు.

ఆ ఏడు మగవాళ్ల జట్టు ఏ మ్యాచ్‌కీ వెళ్లకుండా ఉండలేదు. బస్సు ప్రతిసారీ వేళకి వచ్చింది. కోచ్ జీతం ఒక్క నెల కూడా ఆగలేదు. బాబాయి లెక్క రూపాయి తప్పలేదు. ఎవరైనా మెచ్చుకుంటే ఆయన అక్కణ్నుంచి లేచి వెళ్లిపోయేవాడు.

ఒకసారి నర్సమ్మ షాపుకి వచ్చింది. దగ్గరి చూపు తగ్గింది, ఇంజక్షన్ సీసా మీద అక్షరాలు కనబడటం లేదంది. బాబాయి పరీక్ష చేసి, ఫ్రేము చూపించి, ముక్కు దగ్గర సరిచేశాడు. చివరికి ఫ్రేము చేతిలో పట్టుకునే అన్నాడు.

“చెల్లెమ్మా, ఆరోజు మీటింగులో నేను సగమే చెప్పాను. డ్రాకి ముందు మానుకుంటే జరిమానా లేదు. నాకు తెలిసే చెప్పలేదు.”

నర్సమ్మ అద్దంలోంచి ఆయన్ని చూసింది.

“నాకూ తెలుసు అన్నయ్యగారూ. ఆ మర్నాడే సంఘం వాళ్లకి ఫోన్ చేసి కనుక్కున్నాను.”

“మరి నాకెందుకు చెప్పలేదమ్మా?”

“చెబుదామనే అనుకున్నాను. ఆ ఆరువేలూ నేనే కట్టేస్తాను, మీరు క్లబ్బు ముద్ర వేసి సంతకం పెడితే చాలు అందామనుకున్నాను. డబ్బు కూడా తీసిపెట్టాను. రెండుసార్లు మీ షాపు దాకా వచ్చాను. లోపల ఎవరో ఉన్నారు, మీరేదో జోకేస్తున్నారు, వాళ్లు నవ్వుతున్నారు. మళ్లీ నలుగురిలో నవ్వుల పాలవుతానేమో అనిపించింది. వెనక్కి వెళ్లిపోయాను.” “నేను కూడా గట్టిగా అడగాల్సిందిలెండి,” అంది.

ఆ ఆఖరి మాటే ఆయన్ని కోసింది. నిందించే హక్కున్న మనిషి నిందలో వాటా తీసుకుంటోంది.

“పిల్ల ఎలా ఉంది?”

“బాగానే ఉంది. కంప్యూటర్ కోర్సులో చేరింది. బంతి సంగతి ఎత్తదు. ఎత్తితే ఏడుస్తుందేమోనని నేనూ ఎత్తను.” కళ్లజోడు పెట్టుకుని గోడ మీది చిన్న అక్షరాలు చదివి చూసుకుంది. “బాగా కనబడుతోంది. ఎంతండీ?”

ఆయన డబ్బు వద్దన్నాడు. ఆమె గల్లా మీద పెట్టేసి వెళ్లింది.

ఆ సాయంత్రం బాబాయి భార్యకి అంతా చెప్పాడు. ఆమె విని, “క్షమించమని అడిగారా?” అంది.

“తప్పు ఒప్పుకున్నాను కదా.”

“ఒప్పుకోవడం మీ బరువు దింపుకోవడానికి. అడగడం ఆవిడ కోసం. రెండూ ఒకటేనా?” అంది.

మరుసటి ఏడు సమావేశంలో బాబాయి బడ్జెట్‌ని వేరేలా తెచ్చాడు. వెనక్కి రానివి ముందు, ఆగగలిగేవి తర్వాత. రెండు జట్ల రిజిస్ట్రేషన్ ఫీజులూ మిగులు నిధిలోంచి మొదట కట్టాలని ఒక తీర్మానం. కోచింగ్ నెలనెలా మొదలవుతుంది, బట్టలు స్పాన్సర్ డబ్బు వచ్చాక, ప్రయాణం మ్యాచ్‌ల తేదీలు తెలిశాక. సంతకం లేని స్పాన్సర్‌షిప్‌ని ఆయన ఇప్పటికీ ఆదాయంలో కలపలేదు. అది పక్కన విడిగా ఉంది, వస్తే ఏం చేస్తాం, రాకపోతే ఏ తేదీలోగా ఏం మానుకుంటాం అన్న రెండు దారులతో.

చదవడం మొదలుపెట్టే ముందు లేచి నిలబడి, “పోయినేడు ఇక్కడ ఒకరు సరైన మాట చెబితే నేను అబద్ధం లాంటి సగం నిజం చెప్పి, ఆవిడ మీద జోకేశాను. మీరంతా నవ్వారు. తప్పు నాది. ఆవిడ నన్ను క్షమించాలి,” అన్నాడు. నర్సమ్మ ఆ హాల్లో లేదు. ఆ ఏడు ఆమె చందా కట్టలేదు. ఆ సంగతి అందరికంటే ముందు తెలిసింది కోశాధికారికే. తెలిసీ ఆ మాటలు అక్కడే అనాలనుకున్నాడు, నలుగురిలో అవమానించినవాడు నలుగురిలోనే అడగాలని. ఆ మధ్యాహ్నమే వాళ్లింటికి వెళ్లి, గుమ్మంలో నిలబడి మళ్లీ అడిగాడు. ఆమె, “లోపలికి రండి, టీ తాగుదురు,” అంది.

పిల్ల లోపల్నుంచి వచ్చి పలకరించింది. పొడుగైంది ఇంకా. కొత్త జట్టుకి పొద్దున్నే సాయం చెయ్యమని, లిఫ్టింగ్ నేర్పమని బాబాయి అడిగాడు. వస్తానంది. వచ్చింది కూడా, నాలుగైదు రోజులు. తర్వాత కోర్సు వేళ మారిందని మానేసింది. డ్రిల్లు మాస్టారు వెళ్లి పిలవమన్నాడు. బాబాయి వెళ్లలేదు. ఇంకోసారి అడిగే ముఖం తనకి లేదనుకున్నాడు.

టైల్స్ షోరూమ్ వాళ్లు ఆ ఏడు లక్ష ఇవ్వలేదు, అరవై వేలు ఇచ్చారు. సర్దుకుని, రైల్లో వెళ్లి, ఒకే జత బట్టలతో ఆడపిల్లలు సీజన్ అంతా ఆడారు. మొదటి మ్యాచ్‌కి బాబాయి షాపు మూసేసి వెళ్లాడు. లిఫ్టర్ పిల్ల చేతులు గట్టివి, బంతి తగిలినప్పుడల్లా టప్పుమని చప్పుడయ్యేది. మూడు సెట్లూ ఓడిపోయారు. అయినా పిల్లలు గంతులేసుకుంటూ వచ్చి, “బాబాయ్, పదిహేను పాయింట్లు తెచ్చాం!” అన్నారు.

“బాగా ఆడారమ్మా,” అన్నాడు. నిజంగానే అన్నాడు. మాస్టారు పక్కన నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఖాళీ అయిన కోర్టు వైపు చూశారు గానీ, నర్సమ్మ కూతురి పేరు మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.